పప్పుకి కుదిరిన నీరు టీకి కుదరలేదు: ఒక వంటశాల కేస్ స్టడీ

నేను నీటి పరీక్షల పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఒకే రకం. బోరు నీళ్ళు, పైపుల్లో గార, గార కట్టనివ్వని ఒక సాఫ్ట్‌నర్ పరికరం, అంతటితో ఫైలు మూసేస్తాం. ఈ కేసు కూడా అలాగే ముగిసిందనుకున్నాను. సాఫ్ట్‌నర్ పెట్టిన వారానికి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి తప్పు నాది. అందుకే రాస్తున్నాను. ఆ సంస్థ ఎవరిది, ఎక్కడుంది అన్న వివరాలు తీసేశాను. అంకెలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

దాదాపు 180 మందికి రెండు పూటలా వండే వంటశాల అది. నాలుగు నెలల క్రితం కొత్త భవనంలోకి మారారు. పాత చోట నది నీరు శుద్ధి చేసి పైపులో వచ్చేది. కొత్త చోట సొంత బోరు. వంట మాస్టర్ అదే మనిషి, కుక్కర్లు అవే, బర్నర్లు అవే. మారింది భవనం, దానితోపాటు నీరు. కానీ నీటి మీద ఎవరికీ అనుమానం రాలేదు. అది చూడటానికి తేటగా ఉంది, వాసన లేదు. తాగడానికి ఎలాగూ వేరే చిన్న ఆర్వో మెషీన్ ఉంది.

మేనేజర్ ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదు ఒక్కటే, గ్యాస్ ఎక్కువ అయిపోతోందని. వెళ్ళి కూర్చుంటే మిగతావి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. కుక్కర్‌లో కందిపప్పు మునుపు 25 నిమిషాల్లో మెత్తబడేది. ఇప్పుడు 45 నిమిషాలు పెట్టినా పప్పుగుత్తికి పలుకు తగులుతోంది. టీ మీద ఏదో పొర తేలుతోంది. చేతులు కడుక్కునే దగ్గర సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదు, పైగా సింకు అంచున జిగటగా బూడిదరంగు మురికి పేరుకుంటోంది. స్టీలు గ్లాసులు ఆరాక తెల్లటి మచ్చలు.

ఈ నాలుగు ఫిర్యాదులూ నలుగురు చెప్పారు. నాలుగింటికీ కారణం ఒకటే అయి ఉండొచ్చని అక్కడ ఎవరూ అనుకోలేదు. మాస్టర్ మాట వేరు. "సార్, పప్పు పాతది. టీ మీద ఉన్నది మీగడ. సబ్బు నాసిరకం." ఆయన మాటను కొట్టిపారేయలేను. మూడూ జరగగల కారణాలే. ఒకదానిలో ఆయన సగం నిజం కూడా చెప్పారని తర్వాత తేలింది.

నేను వెళ్ళేసరికే వాళ్ళు మూడు ప్రయత్నాలు చేశారు. పప్పు కొనే కొట్టు మార్చారు, తేడా రాలేదు. పైపుకి బయటి నుంచి బిగించే అయస్కాంతం పరికరం ఒకటి కొన్నారు. అది నీటిలోంచి కాల్షియాన్ని తీసెయ్యదు కాబట్టి పప్పు విషయంలో తేడా రాకపోవడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. మూడోది వంట సోడా. దానితో పప్పు నిజంగానే ఉడికింది. కానీ మాస్టర్ పెద్ద చెంచాలతో వేశారు. పప్పు జారుగా, జిగురుగా అయింది, రంగు ముదిరింది, నాలుకకి సబ్బు రుచి తగిలింది. తినేవాళ్ళు గొడవ చేసి మాన్పించారు. మాన్పించడమే మంచిదైంది, సోడా పప్పులోని బి1 విటమిన్‌ని కూడా పాడుచేస్తుంది. అయినా ఆ ప్రయత్నం నాకు ఒక ఆధారం ఇచ్చింది. సోడాతో ఉడుకుతోందంటే అడ్డు తగులుతున్నది మంట కాదు, కుక్కర్ రబ్బరు కాదు. పప్పు గింజ లోపల ఏదో పట్టుకుని ఉంది.

మొదటి రోజు

పరికరాలు తీసే ముందు మూడు చిన్న పనులు చేశాను. ఇవి ఎవరైనా చేసుకోవచ్చు.

మొదటిది సీసా పరీక్ష. మూతగల రెండు చిన్న సీసాల్లో ఒకదానిలో బోరు నీరు, ఒకదానిలో ఆర్వో నీరు సగం దాకా పోసి, రెండింటిలో ఒకే సైజు ఒంటి సబ్బు తురుము వేసి పది లెక్కపెట్టేదాకా ఊపాను. ఆర్వో సీసా మూత దాకా నురగతో నిండింది. బోరు సీసాలో నీళ్ళు విరిగిన పాలలా అయ్యాయి, పైన చిన్న చిన్న తెల్లటి తునకలు తేలాయి. మన ఇళ్ళల్లో 'సబ్బు విరిగింది' అంటారే, అదే. తర్వాత అదే బోరు నీటిలో గిన్నెలు తోమే డిటర్జెంట్ వేసి ఊపితే నురగ బాగానే వచ్చింది. ఒంటి సబ్బు విరిగి డిటర్జెంట్ విరగకపోతే తప్పు సబ్బు రకంలో లేదు, నీటిలో ఉన్న కాల్షియం, మెగ్నీషియంలో ఉంది. సబ్బు కాల్షియంతో కలిసి నీటిలో కరగని పదార్థం అవుతుంది. సింకు అంచున పేరుకున్న బూడిదరంగు జిగట అదే. డిటర్జెంట్‌ని కాల్షియం అంత సులువుగా విరగ్గొట్టలేదు. పైగా బట్టల పౌడర్లలో కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థాలు కూడా కలుపుతారు. ఈ పరీక్షకి డిటర్జెంట్ ఒక్కటే వాడితే నీరు బాగుందనే తప్పుడు జవాబు వస్తుంది.

రెండోది గార. టీ కాచే గిన్నె అడుగున పెంకులా తెల్లటి పొర ఉంది. దాని మీద కాస్త వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది. అంటే అది కాల్షియం కార్బొనేట్. నీరు మరిగినప్పుడు కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి అడుగున కూర్చున్నది.

మూడోది టీ మీద పొర. పాలు కలిపిన టీలో మీగడకీ దీనికీ తేడా కంటితో చెప్పడం కష్టం. అందుకే మాస్టర్‌ని పాలు లేకుండా డికాక్షన్ కాయమని, తెల్ల కప్పులో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచాను. పైన నూనె చుక్కలా మెరిసే సన్నటి తెట్టు కట్టింది. చెంచాతో నెడితే సాగలేదు, పలకలు పలకలుగా పగిలింది. పాలే లేవు కాబట్టి అది మీగడ కాదు. పక్క కప్పులో రెండు చుక్కల నిమ్మరసం వేస్తే తెట్టు కట్టలేదు, రంగు కూడా తేలికపడింది. మాస్టర్ ఆ రెండు కప్పుల్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

ఈ తెట్టు మీద పనిచేసిన రసాయనవేత్తలు ఉన్నారు. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మైకేల్ స్పిరో, డియోగ్రేషియస్ జగాన్యి 1993లో దీని సంగతి ప్రచురించారు. నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ రెండూ ఉండి, పైన గాలి తగిలితే, టీలోని పదార్థాలు గాలితో కలిసి పెద్ద అణువులుగా మారి కాల్షియం కార్బొనేట్‌తో పాటు పొర కడతాయి. రెండూ ఉండాలన్న ఈ ముక్కని నేను చదివే ఉన్నాను. కానీ ఆ రోజు దాన్ని పట్టించుకోలేదు. తర్వాత తగిలిన దెబ్బకి మూలం ఇక్కడే ఉంది.

చివరగా కాఠిన్యం, అంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం కలిపి ఎంత ఉన్నాయో, కొలిచాను. 50 మిల్లీలీటర్ల నీటిలో బఫర్, సూచిక వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. ఆ రెండింటినీ పట్టేసే ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ పోతే ఒక చోట రంగు నీలానికి తిరుగుతుంది. ఇక్కడ 21 మిల్లీలీటర్లు పట్టింది. లీటరుకి 420 మిల్లీగ్రాముల కాఠిన్యం అన్నమాట, కాల్షియం కార్బొనేట్ లెక్కలో. పాత చోటి నీరు ఒక సీసాలో తెప్పించి చూస్తే 70.

ఆ 420ని సబ్బు లెక్కలోకి మార్చి మేనేజర్‌కి చూపించాను. 20 లీటర్ల బకెట్ నీటిలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అంతా తీరడానికే సుమారు 50 గ్రాముల సబ్బు ఖర్చవుతుంది. అంటే 100 గ్రాముల సబ్బులో సగం. నురగ మొదలయ్యేది ఆ తర్వాతే. "మరి మేం కొనే సబ్బంతా నీళ్ళకే పోతోందా?" అన్నారాయన. అవును, బకెట్లో సబ్బు కలిపినంత మేరకు నిజమే.

పప్పు మీద పరీక్ష

పప్పు ఆలస్యం నీటివల్లనా, పాతదవడంవల్లనా అన్నది ఊహతో తేల్చే విషయం కాదు. కుక్కర్ విజిల్స్‌తో కూడా తేలదు. ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది, మంట కొంచెం పెంచితే విజిల్స్ పెరుగుతాయి, పప్పు మాత్రం అంతే ఉడుకుతుంది. అందుకని మూత లేని గిన్నెల్లో చేశాం. ఒకే సంచిలోంచి 100 గ్రాముల చొప్పున పప్పు, గంటసేపు నానబెట్టి, 400 మిల్లీలీటర్ల నీటిలో సన్నటి మరుగు మీద ఉంచాం. ఆవిరై పోయిన మేరకు అదే నీరు వేడిగా పోశాం. ఐదేసి నిమిషాలకి పది బద్దలు తీసి వేళ్ళ మధ్య నలిపాం, చివరికొచ్చేసరికి నిమిషానికోసారి చూశాం. పదిలో తొమ్మిది పలుకు లేకుండా నలిగితే ఉడికినట్టు లెక్క.

కొత్త పప్పు బోరు నీటిలో 52 నిమిషాలు తీసుకుంది, ఆర్వో నీటిలో 33. తర్వాత స్టోర్ రూమ్ మూలన వేడిలో పద్నాలుగు నెలలుగా ఉన్న పాత సంచి తీశాం. అది ఆర్వో నీటిలో 45 నిమిషాలు పట్టింది. బోరు నీటిలో 75 నిమిషాలు దాటినా పలుకే. మాస్టర్ చెప్పిన సగం నిజం ఇదే. పప్పు పాతదైతే ఆలస్యం అవుతుంది, నీరు అలాంటిదైనా ఆలస్యం అవుతుంది, రెండూ కలిస్తే ఇక ఉడకదు. కొట్టు మార్చినా తేడా కనపడకపోవడానికి కారణం, కొత్త పప్పు కొన్నాక కూడా స్టోర్‌లో పాత సంచులు ముందు తీసి వాడటమే.

లోపల జరిగేది రెండు సందర్భాల్లోనూ ఒకటే. గింజలో కణాన్ని కణంతో అతికించి ఉంచే జిగురు ఒకటుంది, దాన్ని పెక్టిన్ అంటారు. ఉడకడం అంటే వేడికి ఆ జిగురు కరిగి కణాలు ఒకదాన్నొకటి వదిలెయ్యడం. కాల్షియం వచ్చి ఆ జిగురు పోగుల మధ్య బొత్తాం పెట్టినట్టు బిగించేస్తుంది, మెగ్నీషియం కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. నీటిలోంచి వచ్చే కాల్షియం ఒక దారి. రెండో దారి గింజ లోపలిదే. గింజలో ఫైటేట్ అనే పదార్థం కాల్షియం, మెగ్నీషియాలని తన దగ్గర పట్టి ఉంచుతుంది. వేడీ తేమా ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉంటే ఫైటేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. అప్పుడు వదులైన కాల్షియం వెళ్ళి జిగురుని పట్టుకుంటుంది.

ఇంకో ప్రశ్న మిగిలింది. తప్పు నానబెట్టే నీటిదా, ఉడికించే నీటిదా? బోరులో నానబెట్టి ఆర్వోలో ఉడికిస్తే 38 నిమిషాలు, ఆర్వోలో నానబెట్టి బోరులో ఉడికిస్తే 46. గంటసేపు నానిన బద్దపప్పుకి ఉడికే నీరే ఎక్కువ లెక్క. కానీ నానబెట్టే నీటిని వదిలెయ్యలేం. రాత్రంతా నానే పొట్టు గింజలైతే దాని పాత్ర ఇంకా పెరుగుతుంది.

మాస్టర్ ఇక్కడ ఒక మంచి ప్రశ్న అడిగారు. "మరిగితే గార అడుగున కూర్చుంటుంది అన్నారు కదా సార్. పప్పు కూడా మరిగే నీళ్ళల్లోనే ఉంది కదా, మరి ఆ కాల్షియం అక్కడే కూర్చోవాలి కదా?" కూర్చుంటుంది, కానీ ఆలస్యంగా. నీరు మరుగుకి వచ్చి, కార్బన్ డయాక్సైడ్ పోయి, గార ఏర్పడటానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా పప్పు నీటిని పీలుస్తూనే ఉంటుంది, ఆ నీటితోపాటు కాల్షియం లోపలికి వెళ్ళిపోతుంది. ముందు మరిగించి, చల్లార్చి, తేరుకున్నాక పై నీరు వంపుకుని వాడటం వేరు, పప్పుతో కలిపి మరిగించడం వేరు. అలా వంపుకున్న నీటితో కూడా చేసి చూశాం, 41 నిమిషాలు.

సాఫ్ట్‌నర్, మొదటి పొరపాటు

180 మందికి వండే నీరంతా ముందే మరిగించడం కుదిరే పని కాదు, అసలు ఫిర్యాదే గ్యాస్ గురించి. ఆర్వో మెషీన్ చిన్నది, తాగడానికే బొటాబొటి. కాబట్టి వంటకీ కడగడానికీ వచ్చే లైన్ మీద 25 లీటర్ల రెసిన్ ఉన్న సాఫ్ట్‌నర్ పెట్టించాను. రెసిన్ పూసలు నీటిలోంచి కాల్షియం, మెగ్నీషియాలని పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. సోడియం అయిపోయాక ఉప్పునీటితో కడిగితే పూసలు మళ్ళీ సిద్ధమవుతాయి.

మొదటి రెండు రోజులు అందరూ సంతోషించారు. మూడో రోజు సాయంత్రానికి మళ్ళీ సబ్బు విరగడం మొదలైంది. బిగించినతను వారానికోసారి ఉప్పుతో కడగమని చెప్పి వెళ్ళాడట. లెక్క వేస్తే సంగతి తెలిసింది. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యం పడుతుంది, 25 లీటర్లకి 1250 గ్రాములు. మన నీటిలో లీటరుకి 0.42 గ్రాములు. అంటే మూడు వేల లీటర్లు దాటితే పూసలు నిండిపోతాయి. ఆ వంటశాల రోజుకి వెయ్యి లీటర్ల దాకా వాడుతోంది. వారం మాట ఎక్కడిది, మూడు రోజులే.

ఇది ఎవరూ పట్టుకోలేకపోవడానికి కారణం టీడీఎస్ మీటరు. మేనేజర్ రోజూ దానితో కొలుస్తున్నారు. బోరు నీరు 780, సాఫ్ట్‌నర్ నీరు కూడా దాదాపు 780. మొదటి రోజు కూడా అంతే, నాలుగో రోజు కూడా అంతే. ఆ మీటరు నీటిలో ఉప్పులన్నీ కలిపి ఎంత ఉన్నాయో ఒక అంచనా ఇస్తుంది. కాల్షియం పోయి సోడియం వచ్చి చేరినా దానికి తేడా తెలియదు. మీటరు పక్కన పెట్టించి, చుక్కలు లెక్కపెట్టే కాఠిన్యం కిట్ ఇచ్చాను. పొద్దున్నే ఒకసారి చూడాలి. మొదటి చుక్కకే నీలం వస్తే సరే, రెండు మూడు చుక్కలు పడుతుంటే ఆ రాత్రి ఉప్పుతో కడగాలి.

టీ చెడింది

వారం తర్వాత వచ్చిన ఫోన్ టీ గురించి. తెట్టు పూర్తిగా పోయింది. కానీ టీ నల్లగా, చప్పగా ఉందట. పొడి మార్చారు, తగ్గించారు, పెంచారు. పెంచిన కొద్దీ ముదురు రంగు వస్తోంది తప్ప రుచి రావడం లేదు. "మునుపు తెట్టు ఉన్నా తాగగలిగేవాళ్ళం సార్" అన్నారు మాస్టర్.

పప్పు మాత్రం అద్భుతం. అదే పరీక్ష సాఫ్ట్‌నర్ నీటితో చేస్తే 27 నిమిషాలు. ఆర్వో నీటికంటే కూడా తక్కువ! నన్ను ఆపింది ఈ అంకె. కాల్షియం లేకపోవడం ఒక్కటే కారణమైతే రెండూ సమానంగా ఉండాలి. ఆర్వో నీటిలో లేనిది ఈ నీటిలో ఇంకేదో ఉంది, అది పప్పుకి సాయం చేస్తోంది, టీని చెడగొడుతోంది.

మొదటి రోజే కొలవాల్సిన క్షారత్వం, అంటే నీటిలో బైకార్బొనేట్ ఎంత ఉందో, అప్పుడు కొలిచాను. అదే కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకి 260 మిల్లీగ్రాములు. అంటే 420 కాఠిన్యంలో 260 దాకా బైకార్బొనేట్‌తో జతకట్టినది, మరిగిస్తే పోయేది. మిగతా 160 సల్ఫేట్, క్లోరైడ్‌లతో జతకట్టినది, మరిగించినా పోదు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియాలని మాత్రమే తీస్తుంది, బైకార్బొనేట్‌ని ముట్టుకోదు. కాల్షియం పోయి సోడియం వచ్చి చేరాక నీటిలో మిగిలింది సోడియం బైకార్బొనేట్. అంటే వంట సోడా. లెక్క కడితే లీటరుకి 0.44 గ్రాములు. మాస్టర్ చెంచాలతో వేసి తిట్లు తిన్న సోడానే, నేను చిన్న మోతాదులో పైపులోంచి ఇస్తున్నానన్నమాట.

టీకి ఇది ఎందుకు పడదంటే, టీకి ఎరుపు, గోధుమ రంగులిచ్చే పదార్థాలు పులుపులో లేతగా, క్షారంలో ముదురుగా మారతాయి. నిమ్మరసం వేస్తే రంగు తేలినది ఇందుకే, ఇప్పుడు నల్లబడింది కూడా ఇందుకే. టీలో నాలుకని లాగే ఆ చురుకుదనం క్షారం వల్ల తగ్గి చప్పబడుతుంది.

మరి బోరు నీటిలో కూడా అంతే బైకార్బొనేట్ ఉంది కదా, అప్పుడెందుకు ఇంత నల్లబడలేదు? సమాధానం గిన్నె అడుగున ఉంది. బోరు నీరు మరిగినప్పుడు కాల్షియం, బైకార్బొనేట్ రెండూ కలిసి గారగా మారి నీటిని వదిలి వెళ్తాయి. గారతోపాటు క్షారం కూడా కొంత పోతుంది. సాఫ్ట్‌నర్ నీటిలో కాల్షియమే లేదు, కాబట్టి గార కట్టదు, క్షారం ఎక్కడికీ పోదు. పైగా మరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ పోయి బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారుతుంది, అది ఇంకా గట్టి క్షారం. బోరు దగ్గర 7.4 ఉన్న పీహెచ్, సాఫ్ట్‌నర్ నీటిని పది నిమిషాలు మరిగించాక 9 దాటింది. గార కట్టకపోవడాన్ని మేం లాభం కింద రాసుకున్నాం. టీ వరకు నష్టం అదే.

చివరికి కుదిరిన ఏర్పాటు

టీకి సాఫ్ట్‌నర్ నీరు మాన్పించి బోరు నీటినే తీసుకున్నాం, కానీ ముందు రోజు రాత్రి మరిగించి. వంట అయిపోయాక వేడి బర్నర్ మీద 30 లీటర్ల గిన్నె మూత లేకుండా పెట్టి, గలగలా మరిగాక పది నిమిషాలు ఉంచి దించెయ్యాలి. మూత పెడితే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక గార సరిగా కట్టదు. రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి అడుగున తెల్లటి పొడి దిగుతుంది. గిన్నెకి అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున కుళాయి పెట్టించాం, వంపేటప్పుడు ఆ పొడి కదలకుండా. ఆ నీటిలో కాఠిన్యం 200, క్షారత్వం 40 వచ్చాయి. కాల్షియం ఇంకా ఉంది, కానీ దానికి జతకట్టే బైకార్బొనేట్ లేదు. డికాక్షన్ మీద తెట్టు కట్టలేదు, రంగు ఎర్రగా తేలింది.

టీ నీటికి ఆర్వో వాడొచ్చు కదా అని మేనేజర్ అడిగారు. వాడొచ్చు. కానీ తెల్లవారుజామున అందులోంచి 30 లీటర్లు తీస్తే ట్యాంకు నిండేసరికి తాగేవాళ్ళు బారులు తీరతారు. గిన్నె మరిగించడానికి అయ్యే గ్యాస్, పప్పు దగ్గర మిగిలిన దానిముందు తక్కువే అని రెండు వారాలు సిలిండర్లు లెక్కపెట్టాక తేలింది.

పప్పుకి సాఫ్ట్‌నర్ నీరే, కానీ చిన్న మార్పుతో. పొట్టు గింజలు మరీ చిదిమినట్టు అయిపోతున్నాయని మాస్టర్ అన్నారు, నిజమే. బైపాస్ వాల్వ్ కొద్దిగా తెరిచి, ఐదు పాళ్ళలో ఒక పాలు బోరు నీరు కలిసేలా పెట్టాం. కాఠిన్యం 85 దగ్గర నిలిచింది, పాత చోటి నీటికి దగ్గరగా. గింజ ఉడుకుతోంది, ఆకారం నిలుస్తోంది. పూసల మీద భారం తగ్గి ఉప్పు కడుగుడు కూడా కాస్త దూరం జరిగింది. ఇలా కలిపాక కిట్‌లో చూడాల్సిన నీరు వాల్వ్‌కి ముందు సాఫ్ట్‌నర్ గొట్టంలోది, కుళాయిలోది కాదు. ఈ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సోడియం సంగతి వాళ్ళకి విడిగా చెప్పాను. 420 కాఠిన్యం మొత్తం మార్చితే లీటరుకి సుమారు 190 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. కూరలో వేసే ఉప్పు ముందు ఇది చిన్నదే. కానీ డాక్టర్ ఉప్పు బాగా తగ్గించమన్నవాళ్ళు ఇద్దరు ఉన్నారని తెలిసింది, వాళ్ళ పప్పు చిన్న కుక్కర్‌లో ఆర్వో నీటితో వేరుగా పెడుతున్నారు.

చేతులు కడిగే దగ్గరా, గిన్నెల దగ్గరా బాధ తీరింది. గ్లాసుల మీద మచ్చలు పూర్తిగా పోలేదు, ఎందుకంటే సాఫ్ట్‌నర్ నీరు ఆరినా సోడియం ఉప్పులు మిగులుతాయి. కాకపోతే ఇవి తడిబట్టతో తుడిస్తే పోతాయి, మునుపటివి గీకినా పోయేవి కావు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు కాఠిన్యం కొలిచిన చోటల్లా క్షారత్వం కూడా కొలుస్తున్నాను. మూడు నిమిషాల పని. కాఠిన్యం 420 అన్న అంకె ఒక్కటే నాకు పప్పు గురించి, సబ్బు గురించి చెప్పింది. టీ గురించి చెప్పాల్సిన అంకె 260, దాన్ని నేను అడగనే లేదు. ఈ రెండు అంకెల తేడా చూస్తే మరిగించడం ఎక్కడ పనికొస్తుందో కూడా తెలుస్తుంది. కాఠిన్యం 420, క్షారత్వం 60 అయి ఉంటే రాత్రి మరిగించినా పెద్దగా ఏమీ దిగేది కాదు. అప్పుడు టీలో తెట్టు కూడా ఇంతగా ఉండేది కాదు.

సాఫ్ట్‌నర్ పెట్టుకోలేని ఇళ్ళవాళ్ళు అడిగితే ముందు నానబెట్టడం గురించి చెబుతున్నాను. మరిగించి వంపుకున్న నీటిలో లీటరుకి రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, మళ్ళీ వంపుకున్న నీటిలోనే ఉడికించాలి. ఉప్పులోని సోడియం పొట్టులో ఉన్న కాల్షియాన్ని కొంత పక్కకి నెడుతుంది. ఉప్పు వేస్తే పప్పు ఉడకదని చాలామంది నమ్ముతారు, నానబెట్టే నీటి విషయంలో జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. ఆలస్యం చేసేది పులుపు. పప్పు మెత్తబడ్డాకే పులుపు వెయ్యాలన్న పాత అలవాటు సరైనదే, పులుపులో పెక్టిన్ కరగడం మందగిస్తుంది.

స్టోర్ రూమ్‌లో పాత సంచులు ఇంకా రెండు మిగిలి ఉన్నాయట. సాఫ్ట్‌నర్ నీటిలో కూడా అవి కొత్త పప్పంత త్వరగా ఉడకడం లేదు, ఉడకవు కూడా. లోపల బిగుసుకున్న కాల్షియాన్ని బయటి నీరు పూర్తిగా వదిలించలేదు. వాటిని పిండి పట్టించమన్నాను. మాస్టర్ ఒప్పుకోలేదు, ఇంకా కొంచెం కొంచెంగా కొత్త పప్పులో కలిపేస్తున్నారు. వారంలో ఒకటి రెండు రోజులు పప్పుగుత్తికి పలుకు తగులుతోందని మేనేజర్ ఫోన్ చేస్తుంటారు.